కిచెన్ కాటాలో అర గ్రాము ఈస్ట్, రెండు గ్రాముల ఉప్పు సరిగ్గా తూచడం ఎలా

"కాటా మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, ఉప్పు కొంచెం కొంచెంగా వేస్తున్నా అంకె సున్నా మీదే ఉండిపోతోంది. కాటా పాడైందా?" బ్రెడ్ గురించి ఏం రాసినా కింద ఈ ప్రశ్న తప్పకుండా వస్తోంది. కాటా పాడవలేదు. దాని పద్ధతే అంత. ఆ పద్ధతి తెలిస్తే ఒక గ్రాము మాత్రమే చూపించే మామూలు కాటాతోనే అర గ్రాము ఈస్ట్ కూడా తీయొచ్చు, కొత్తది కొనక్కర్లేదు. నేను రెండేళ్ళు తప్పుగా తూచి, బన్నులు ఒకసారి ఉప్పు కషాయంలా, ఒకసారి చప్పగా చేసుకుని తిన్నాక నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను.

## 1. ముందు కాటాను తిరగేసి చూడండి

అడుగున స్టిక్కర్ ఉంటుంది. దాని మీద రెండు సంగతులు చూసుకోవాలి. `Max 5 kg` లేదా `Max 10 kg` అని ఉన్నది అది మోయగలిగే గరిష్ఠ బరువు. `d = 1 g` అని ఉన్నది అది చూపించే అతి చిన్న మెట్టు. కొన్నిటి మీద రెండోది ఉండదు, అప్పుడు పెట్టె మీద చూడండి.

మెట్టు ఒక గ్రాము అంటే ఏమిటో ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. కాటా 2 అని చూపిస్తే లోపల ఉన్నది 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య ఎంతైనా కావచ్చు. అంటే రెండు గ్రాముల దగ్గర పావు వంతు తేడా, కాటా ఏ తప్పూ చేయకుండానే. అదే అర గ్రాము తేడా 10 గ్రాముల దగ్గర ఇరవయ్యో వంతు, 400 గ్రాముల పిండి దగ్గర అసలు లెక్కలోకే రాదు.

అందుకని నేను పెట్టుకున్న లెక్క ఇది: ఒక గ్రాము కాటా మీద 10 గ్రాములు, ఆ పైన ఉంటే నేరుగా తూచేస్తాను. 5 నుంచి 10 మధ్య అయితే జాగ్రత్తగా తూచి, కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాను. 5 లోపు అయితే నేరుగా తూచనే తూచను. దాన్ని ఎలా పెద్దది చేసి తూచాలో ఏడో అంకంలో ఉంది.

## 2. ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి

గ్రానైట్ గట్టు మంచిది. డైనింగ్ టేబుల్ మీద పరిచిన మెత్తటి షీటు, మడత పెట్టిన టవలు, పాత పేపర్లు పనికిరావు. నాలుగు కాళ్ళూ గట్టి నేల మీద ఆనాలి. ఒక కాలు కింద చపాతీ పిండి గడ్డ కట్టి ఉన్నా తూకం మారుతుంది, నా దగ్గర మారింది.

ఫ్యాన్ ఆపండి. పిండి తూచేటప్పుడు ఫర్వాలేదు కానీ వెడల్పాటి పళ్ళెం కాటా మీద పెట్టి పైన సీలింగ్ ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే అంకె ఒకటి, సున్నా, ఒకటి అని ఊగుతుంది. మనం ఏమో కాటాని తిడతాం.

పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెట్టకండి. లోపల బరువు కొలిచే లోహపు పట్టీ వేడికి సాగుతుంది, అంకె దానంతట అదే కదులుతూ పోతుంది. తప్పదు అంటే ముందు కాటా మీద ఒక చెక్క పలక పెట్టి, సున్నా చేసి, దాని మీద గిన్నె పెట్టి, అంకె చూసి, వెంటనే దించేయండి. ఇండక్షన్ స్టవ్ నడుస్తుంటే దాని పక్కన కూడా వద్దు.

## 3. నిజం చెబుతోందో లేదో చూడండి

దీనికి తూకం రాళ్ళు కొనక్కర్లేదు. పర్సులో ఉన్న చిల్లర చాలు.

రూపాయి గుర్తు ఉన్న పసుపు రంగు ఐదు రూపాయల బిళ్ళలు, 2011 నుంచి 2018 లోపు సంవత్సరం ఉన్నవి, ఏరండి. ఒక్కోటి 6 గ్రాములు. 2019 తరవాత వచ్చిన కొత్త రకం 6.74 గ్రాములు, కాబట్టి రెండూ కలపకండి. తెల్లగా, మందంగా ఉండే పాత ఐదు రూపాయల బిళ్ళ 9 గ్రాములు, అదీ వద్దు.

1. కాటా ఆన్ చేసి, సున్నా వచ్చి నిలబడేదాకా ఆగండి.
2. పది బిళ్ళలు ఒకేసారి పెట్టండి. 60 రావాలి. 59, 61 వచ్చినా సరే, వాడి అరిగిన బిళ్ళలు కదా.
3. బిళ్ళలు తీసి, అరకిలో పప్పు డబ్బా పెట్టండి. అంకె రాసుకోండి. దాని మీద అవే పది బిళ్ళలు వేయండి. పెరిగింది 60 దగ్గరే ఉండాలి. చాలామంది ఈ మూడో మెట్టు చేయరు. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే చూపించి, బరువు పడ్డాక తగ్గించి చూపించే కాటాలు ఇక్కడే దొరికిపోతాయి.
4. అదే డబ్బాని పళ్ళెం మధ్యలో, తరవాత నాలుగు మూలల్లో పెట్టి చూడండి. మూలల్లో రెండు మూడు గ్రాములు తేడా వస్తే ఎప్పుడూ మధ్యలోనే పెట్టడం అలవాటు చేసుకోండి.

కిలో, రెండు కిలోల దగ్గర ఎలా ఉందో చూడాలంటే మూత బిగించిన డబ్బాలో బియ్యం పోసుకుని తెలిసిన కిరాణా కొట్టుకు తీసుకెళ్ళండి. తూనికలు, కొలతల శాఖ ముద్ర వేసిన కాటా వాళ్ళ దగ్గర ఉంటుంది. అక్కడ తూచి, ఇంటికొచ్చి తూచండి. కొట్లో కాటా మెట్టు మన దానికన్నా పెద్దది కాబట్టి ఐదు పది గ్రాముల తేడాకి కంగారు పడొద్దు.

సీల్ వేసిన ఉప్పు ప్యాకెట్‌తో పరీక్షించేవాళ్ళున్నారు. ప్యాకెట్ మీద రాసేది లోపలి సరుకు బరువు, కవరు బరువు అందులో లేదు. పైగా నింపేటప్పుడు కాస్త ఎక్కువే పడుతుంది. అది పరీక్ష కాదు.

## 4. టేర్: ఆ ఒక్క బటన్‌కి ఒక వరస ఉంది

టేర్ అంటే "ఇప్పుడు పైన ఉన్న బరువంతా సున్నా అనుకో" అని కాటాకి చెప్పడం. అంతే. కొన్నిటి మీద `TARE` అని, కొన్నిటి మీద `T` అని, కొన్నిటి మీద `Z/T` అని ఉంటుంది.

వరస ఇలా:

1. కాటా ఖాళీగా ఉండగా ఆన్ చేయండి. గిన్నె పెట్టి ఆన్ చేస్తే చాలా కాటాలు ఆ గిన్నెతో సహా సున్నా అనుకుంటాయి. దానివల్ల నష్టం లేదు కానీ గిన్నె బరువెంతో మీకు తెలియకుండా పోతుంది. ఆ అంకెతో ముందు ముందు పనుంది.
2. సున్నా నిలబడ్డాక గిన్నె పెట్టండి. దాని బరువు చదవండి.
3. టేర్ నొక్కండి. నొక్కేటప్పుడు వేలు బరువు కూడా కాటాకి తెలుస్తుంది, కాబట్టి మెల్లగా నొక్కి, చెయ్యి తీసి, సున్నా నిలబడే వరకు ఆగండి. తొందరగా పోసేస్తే మొదటి రెండు మూడు గ్రాములు సున్నాలో కలిసిపోతాయి.
4. మొదటి సరుకు వేయండి. చదవండి. మళ్ళీ టేర్. రెండో సరుకు.

ఇప్పుడు గిన్నె ఎత్తేస్తే `-312` లాంటిది కనిపిస్తుంది. కంగారు పడి మళ్ళీ టేర్ నొక్కకండి. ఆ మైనస్ అంకె మీరు ఇప్పటివరకు సున్నా అని చెప్పిన బరువంతా కలిపి. గిన్నె మళ్ళీ పెడితే ఎక్కడ ఆపారో అక్కడికే వస్తుంది.

టేర్ చేసినా బరువు ఎక్కడికీ పోదు. 5 కిలోల కాటా మీద కిలోన్నర ఇత్తడి గిన్నె పెట్టి సున్నా చేస్తే ఇంకా పట్టేది మూడున్నర కిలోలే.

టేర్‌తో అసలు చిక్కు కాటా మధ్యలో ఆరిపోవడం. రెండు మూడు నిమిషాలు అంకె కదలకపోతే బ్యాటరీ ఆదా కోసం అదే ఆగిపోతుంది. సగం పిండి పోశాక ఫోన్ మోగింది, మాట్లాడి వచ్చేసరికి తెర ఖాళీ. మళ్ళీ ఆన్ చేస్తే సున్నా. గిన్నెలో ఎంత పిండి ఉందో ఇక దేవుడికే తెలియాలి. దీనికి మందు ఒకటే, ఖాళీ గిన్నె బరువు ముందే తెలిసి ఉండటం. మన ఇళ్ళలో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కిస్తాం కదా, నేను కలిపే గిన్నెల అడుగున పర్మనెంట్ మార్కర్‌తో బరువు రాసి పెట్టుకున్నాను. 268, 341, 590. గిన్నె దించి, ఖాళీ కాటా ఆన్ చేసి, గిన్నె పెట్టి, అడుగున ఉన్న అంకె తీసేస్తే లోపల ఉన్నది తెలిసిపోతుంది. మార్కర్ నాలుగైదు నెలలకోసారి చెరుగుతుంది, మళ్ళీ రాస్తాను.

ఇంకో మాట. ఒకే గిన్నెలో అన్నీ టేర్ చేస్తూ వేయడం సుఖంగానే ఉంటుంది కానీ ఉప్పు, ఈస్ట్ మాత్రం ఆ గిన్నెలో నేరుగా తూచకండి. పిండి పది గ్రాములు ఎక్కువ పడితే చెంచాతో తీసేయొచ్చు. పిండిలో పడ్డ ఉప్పుని ఎలా తీస్తారు?

## 5. సున్నా దగ్గర దొంగాట

ఇక మొదట్లో అడిగిన ప్రశ్నకి వద్దాం.

కాటా లోపలి భాగాలు వేడికి, తేమకి, బ్యాటరీ తగ్గడానికి నెమ్మదిగా కదులుతుంటాయి. ఖాళీ కాటా కాసేపటికి 1 అనో 2 అనో చూపిస్తే మనకి నచ్చదు కాబట్టి తయారుచేసేవాళ్ళు దానికి ఒక తెలివి పెట్టారు. సున్నా దగ్గర అతి చిన్న, నెమ్మదైన మార్పు వస్తే "ఇది బరువు కాదు, నా లోపలి కదలికే" అనుకుని దాన్ని మింగేసి మళ్ళీ సున్నా చూపిస్తుంది. మనం వేళ్ళతో ఉప్పు రాలుస్తుంటే అచ్చం అలాంటి నెమ్మదైన మార్పే కదా వచ్చేది. ఒక చిటికెడు మింగింది. ఇంకో చిటికెడు మింగింది. మనం ఇంకా వేస్తూనే ఉంటాం.

మీ కాటా ఇలా చేస్తుందో లేదో ఇప్పుడే చూడండి. చిన్న గిన్నె పెట్టి బరువు చదవండి, 112 అనుకుందాం. టేర్ చేయండి. ఉప్పు నాలుగైదు సెకన్లకి ఒక చిటికెడు చొప్పున వేస్తూ పోండి. పది చిటికెలు అయ్యాక కూడా 0 దగ్గరే ఉంటే గిన్నె ఎత్తేయండి. తెర మీద `-112` రావాలి. `-115` వచ్చిందంటే మూడు గ్రాముల ఉప్పుని కాటా మింగింది, ఆ మూడూ గిన్నెలోనే ఉన్నాయి. నేను మొదటిసారి ఇలా చూసినప్పుడు నా ఉప్పు బన్నుల రహస్యం అక్కడికక్కడే తేలిపోయింది.

తప్పించుకునే దారులు మూడు.

మొదటిది, సున్నాలో ఉండనివ్వకండి. గిన్నె పెట్టి టేర్ చేశాక పక్కన ఒక ఐదు రూపాయల బిళ్ళ పెట్టండి. ఇప్పుడు 6 చూపిస్తుంది. 8 గ్రాముల ఉప్పు కావాలంటే 14 వచ్చేదాకా వేయండి. చాలా కాటాలు మింగేది సున్నా దగ్గరే కాబట్టి ఇక నిజం చెబుతాయి.

రెండోది, చిటికెలుగా కాకుండా ముందు అర చెంచా ఒకేసారి గుమ్మరించి, తరవాత సరిచేసుకోండి.

మూడోది, కొన్ని కాటాలు ఏ అంకె దగ్గరైనా నిలబడ్డాక బద్ధకిస్తాయి, ఇంకాస్త వేసినా పాత అంకే పట్టుకుని కూర్చుంటాయి. అలాంటప్పుడు పళ్ళెం అంచుని వేలితో కొద్దిగా నొక్కి వదలండి. అంకె ఎగిరి, కిందకి వచ్చి, ఈసారి నిజమైన చోట ఆగుతుంది.

## 6. ఎదురు తూకం: వేసేది కాదు, తీసేది తూచండి

ఉప్పుకి నేను రోజూ వాడేది ఇదే.

1. ఉప్పు డబ్బానే కాటా మీద పెట్టండి, మూత తీసి.
2. టేర్ చేయండి.
3. చెంచాతో ఉప్పు తీయండి. `-5` అని వస్తుంది. ఇంకొంచెం తీయండి, `-8`. చాలు.
4. తీసిన ఉప్పు పిండిలో వేయండి.

డబ్బాలోంచి ఒకేసారి చెంచాడు లేస్తుంది కాబట్టి మార్పు గట్టిగా ఉంటుంది, కాటా మింగలేదు. ఎక్కువ తీస్తే అంకె చూసి తిరిగి డబ్బాలోకే రాల్చొచ్చు, పిండి పాడవదు. పైగా చిన్న గిన్నె అంచులకి అంటుకుపోయి మిగిలే ఉప్పు గొడవ లేదు.

చెంచా పొడిగా ఉండాలి. తీసేటప్పుడు డబ్బా మీద చెయ్యి ఆనకూడదు. చెంచా డబ్బాలోకి వెళ్ళినప్పుడు అంకె ఎగురుతుంది, పట్టించుకోకండి, చెంచా పూర్తిగా బయటికి వచ్చాక వచ్చిన అంకే చూడండి.

నూనె సీసా, తేనె, బెల్లం పాకం, ఇలా గిన్నెకి అంటుకునే ఏ సరుకుకైనా ఇదే పద్ధతి.

## 7. అర గ్రాము ఈస్ట్: చిన్నదాన్ని పెద్దది చేసి తూచడం

రాత్రంతా నానే పిండికి ఈస్ట్ చాలా తక్కువ పడుతుంది. 400 గ్రాముల మైదాకి 0.4 గ్రాములు. మన కాటా దీన్ని 0 అనే చూపిస్తుంది. "చిటికెడు వేయండి" అనేవాళ్ళుంటారు కానీ మీ చిటికెడు, నా చిటికెడు ఒకటి కాదు. ఈస్ట్ రెట్టింపు పడితే పొద్దున లేచేసరికి పిండి పొంగి, కూలి, పుల్లగా అయిపోయి ఉంటుంది.

కాబట్టి కాటాకి చేతనైనంత ఈస్ట్ తూచి, నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళు తూచి తీసుకుంటాం.

1. గాజు గ్లాసు కాటా మీద పెట్టి టేర్ చేయండి. పక్కన ఐదు రూపాయల బిళ్ళ పెట్టండి. 6 చూపిస్తుంది.
2. ఇన్‌స్టంట్ ఈస్ట్ 10 వచ్చేదాకా వేయండి. అంటే 4 గ్రాములు.
3. బిళ్ళ తీసేయండి. 4 మిగులుతుంది.
4. గది వేడిమి ఉన్న నీళ్ళు మొత్తం 200 వచ్చేదాకా పోయండి. ఫ్రిజ్ నీళ్ళు వద్దు, చల్లటి నీళ్ళలో నేరుగా పడితే ఇన్‌స్టంట్ ఈస్ట్ దెబ్బతింటుంది.
5. ఐదు నిమిషాలు ఆగి, ఉండలు లేకుండా బాగా కలపండి.
6. ఇప్పుడు ఈ నీళ్ళు 100 గ్రాములు తీసుకుంటే 2 గ్రాముల ఈస్ట్, 20 గ్రాములు తీసుకుంటే 0.4 గ్రాములు.

నాలుగు గ్రాముల దగ్గర అర గ్రాము తేడా రావచ్చు కదా, నేరుగా తూచను అన్నది ఇదే కదా అని అడుగుతారు. నిజమే, వస్తుంది. కానీ ఆ తేడా కూడా పదో వంతుకి కుదించుకుపోతుంది. 0.4 కి బదులు 0.35 నుంచి 0.45 మధ్య ఎక్కడో పడుతుంది. పిండి ఓ అరగంటో గంటో ముందూ వెనకా పొంగుతుంది, అంతకు మించి ఏం కాదు. ఇంకా ఖచ్చితం కావాలంటే 8 గ్రాములు తీసుకుని 400 దాకా నీళ్ళు పోయండి, తేడా సగమవుతుంది, పారబోసేదీ ఎక్కువవుతుంది.

ఇందులో జనం తప్పు చేసేది రెండు చోట్ల. 4 గ్రాముల ఈస్ట్‌కి 200 నీళ్ళు కొలిచి పోస్తారు, అప్పుడు మొత్తం 204 అవుతుంది. ఈస్ట్ నీళ్ళు కలిపి 200 రావాలి. రెండోది, కలిపి పక్కన పెట్టి, పావుగంట తరవాత పైనుంచి తేట వంచుకుంటారు. ఈస్ట్ అడుగున పేరుకుపోయి ఉంటుంది, మీకు వచ్చేది ఉత్త నీళ్ళు. తీసే ముందు క్షణం మళ్ళీ తిప్పండి.

మిగిలిన నీళ్ళు దాచకండి. అదే రోజు ఇంకో పిండి కలిపితే వాడండి, లేకపోతే పారబోయండి. ఈ నీళ్ళలో ఉప్పు కలపకండి.

ఉప్పుకి కూడా ఇదే లెక్క పనిచేస్తుంది, అది నిల్వ కూడా ఉంటుంది. 20 గ్రాముల ఉప్పు మీద మొత్తం 200 వచ్చేదాకా కాచి చల్లార్చిన నీళ్ళు పోస్తే, ప్రతి 10 గ్రాముల నీళ్ళలో ఒక గ్రాము ఉప్పు. ఇంట్లో డాక్టరు ఉప్పు తగ్గించమన్న పెద్దవాళ్ళుంటే వాళ్ళ కూర వరకు విడిగా ఒక గ్రామో, గ్రామున్నరో వేయడానికి ఇది బాగా పనికొస్తుంది. మా అమ్మ మొదట నవ్వింది, ఇప్పుడు ఆ సీసా అయిపోతే తనే అడుగుతోంది.

## 8. మొత్తం ఒకసారి చేసి చూద్దాం

ఒక బ్రెడ్‌కి లెక్క: మైదా 400, నీళ్ళు 260, ఉప్పు 8, ఇన్‌స్టంట్ ఈస్ట్ 0.4 గ్రాములు.

ముందు ఏడో అంకంలోలా ఈస్ట్ నీళ్ళు కలిపి పెట్టుకున్నాను. అది నానుతుండగా 341 గ్రాముల గిన్నె కాటా మధ్యలో పెట్టి, టేర్ చేసి, మైదా పోశాను. 397 దగ్గర చెయ్యి ఆపి, చెంచాతో 400 చేశాను.

తరవాత టేర్ చేసి, నీళ్ళు. ఇక్కడ చిన్న తీసివేత ఉంది. 20 గ్రాముల ఈస్ట్ నీళ్ళలో దాదాపు అంతా నీళ్ళే కాబట్టి 260 లోంచి అది తీసేస్తే 240. నీళ్ళ జగ్గు నుంచి నేరుగా పోస్తే ధారలో ఐదు గ్రాములు ఎక్కువ పడడం మామూలే, అందుకని 230 దాకా జగ్గుతో, మిగిలిన పదీ చెంచాతో పోశాను. నీళ్ళు మిల్లీలీటర్లలో రాసి ఉన్నా ఇబ్బంది లేదు, ఒక మిల్లీలీటరు నీళ్ళు ఒక గ్రామే. నూనెకి ఇది కుదరదు, 100 మిల్లీలీటర్ల నూనె దాదాపు 92 గ్రాములే.

మళ్ళీ టేర్. ఈస్ట్ నీళ్ళు గిరగిరా తిప్పి, వెంటనే 20 పోశాను. గిన్నె దించి, పిండి తడిసేలా కలిపాను.

గిన్నె పక్కన పెట్టి, ఖాళీ కాటా మీద ఉప్పు డబ్బా పెట్టి, టేర్ చేసి, `-8` వచ్చేదాకా తీసి పిండిలో వేసి పిసికాను. 8 గ్రాముల దగ్గర అర గ్రాము తేడా వచ్చినా రుచిలో దాదాపు తెలియదు.

రాత్రి పదింటికి మూత పెట్టాను. గది 28 డిగ్రీలు ఉంది. పొద్దున ఏడింటికి రెట్టింపు అయింది. మే నెలలో అయితే నేను 0.4 కి బదులు 0.2 వేస్తాను, అంటే ఇవే ఈస్ట్ నీళ్ళు 20 కి బదులు 10. నీళ్ళు కూడా అందుకు తగ్గట్టు 250 పోస్తాను. ఈస్ట్ సగం చేయడం ఇంత సులువుగా చిటికెలతో అయితే కుదిరేది కాదు.

## 9. రోజూ నీళ్ళు కలపలేం అంటే: చెంచాకి బరువు కట్టండి

ఒకసారి కష్టపడితే తరవాత కాటా తీయకుండానే నడుస్తుంది.

ఒక కొలత చెంచా ఎంచుకోండి, ఉదాహరణకి పావు టీస్పూన్. ఉప్పు నిండుగా తీసి, కత్తి వెనక వైపుతో పైన సమంగా గీసి, గిన్నెలో వేయండి. ఇలా ఇరవై సార్లు. మొత్తం తూచి ఇరవైతో భాగించండి. నా దగ్గర మెత్తటి ఉప్పు ఇరవై పావు చెంచాలు 29 గ్రాములు వచ్చింది, అంటే ఒక్కోటి దాదాపు 1.45. ఈస్ట్ అవే ఇరవై 15 గ్రాములు, ఒక్కోటి 0.75.

ఈ అంకెలు నా చెంచావి, నా ఉప్పువి. మీవి మీరు తూచుకోండి. కల్లుప్పు, మెత్తటి ఉప్పు ఒకే చెంచాలో ఒకే బరువు ఉండవు. వానాకాలంలో చెమ్మ పట్టిన ఉప్పు కూడా అంతే.

## 10. పాకెట్ కాటా కొంటే

నెలకి నాలుగు సార్లు కంటే ఎక్కువ ఇలాంటి పని పడితే 200 గ్రాముల వరకు తూచి `0.01 g` మెట్టు చూపించే చిన్న కాటా కొనుక్కోవచ్చు. బంగారం కొట్లలో వాడే వాటిలా కనిపించే చవక రకం. పెద్ద కాటాకి ఇది తోడు మాత్రమే, పిండి దీని మీద తూచలేం.

- పెద్ద గిన్నె పెట్టకండి. కప్‌కేక్ కాగితం, సీసా మూత చాలు. స్టీలు గిన్నె ఒక్కటే 150 గ్రాములుంటే ఇక మిగిలేది 50.
- ఫ్యాన్ ఆపడం ఇక్కడ తప్పనిసరి. ఊపిరి తగిలినా ఆఖరి అంకె కదులుతుంది.
- కొన్నప్పుడు `CAL` బటన్‌తో 100 గ్రాముల తూకం రాయి పెట్టి సరిచేయాలి. రాయి చాలావాటితో రాదు, విడిగా కొనాలి. రాయి లేకుండా ఆ బటన్ ముట్టుకోకండి, ఉన్న లెక్క కూడా పోతుంది.
- 0.01 చూపిస్తుంది కదా అని 0.03 గ్రాములు తూచకండి. చూపించడం వేరు, నిజం చెప్పడం వేరు. 0.2 దాటితే నేను నమ్ముతాను.
- ఇది కూడా సున్నా దగ్గర మింగుతుంది. బిళ్ళ చిట్కా ఇక్కడా పనిచేస్తుంది.

## 11. తూచే ముందు ఒకసారి చూసుకోవాల్సినవి

- కాళ్ళ కింద శుభ్రంగా ఉందా, గట్టు గట్టిదేనా
- ఫ్యాన్ ఆపారా
- తెర మీద `g` ఉందా (`oz`, `lb`, `ml` కాదు)
- ఖాళీగా ఉన్నప్పుడు ఆన్ చేశారా
- గిన్నె బరువు రాసుకున్నారా
- గిన్నె మధ్యలో ఉందా, గోడకో మిక్సీకో తగలట్లేదు కదా
- 5 గ్రాముల లోపు ఏమైనా ఉందా, ఉంటే ఈస్ట్ నీళ్ళు ముందే కలిపారా

## 12. గడబిడ వచ్చినప్పుడు

అంకె దానంతట అదే పైకో కిందకో పోతోంది. గిన్నె వేడిగా ఉందేమో చూడండి, లేదా కాటా ఏసీ గదిలోంచి ఇప్పుడే వంటింట్లోకి వచ్చిందేమో. పది నిమిషాలు వదిలేసి మళ్ళీ ఆన్ చేయండి. అప్పటికీ అంతే అయితే బ్యాటరీలు మార్చండి.

`Lo` అని వస్తోంది. బ్యాటరీ అయిపోయింది. ఇది రాకముందే తూకం చెడడం మొదలవుతుంది, కాబట్టి తెర మసకబారినప్పుడే మార్చేయండి. రెండూ కొత్తవే వేయండి, ఒక కొత్తది, ఒక టీవీ రిమోట్‌లోంచి తీసినది కాదు.

`Err` లేదా `EEEE` అని వస్తోంది. బరువు మితిమీరింది, వెంటనే దించండి. ఏమీ లేకుండానే వస్తే పళ్ళెం కింద ఏదో ఇరుక్కుని ఉంటుంది, తిరగేసి దులపండి.

వంటకం మొత్తం లెక్క తప్పింది, కాటా మాత్రం బాగానే ఉంది. యూనిట్ బటన్ వేలు తగిలి మారిపోయి ఉంటుంది. ఒక ఔన్సు దాదాపు 28 గ్రాములు. `ml` కి మారినా కొన్ని కాటాల్లో పాల లెక్క, నీళ్ళ లెక్క వేరుగా ఉంటాయి, కాబట్టి అన్నీ గ్రాముల్లోనే తూచుకుంటే గొడవే లేదు.

పెద్ద గిన్నె తెరని కప్పేస్తోంది. చిన్న గిన్నె ఒకటి కాటా మీద బోర్లించి, దాని మీద పెద్దది పెట్టి, అప్పుడు టేర్ చేయండి. అంకె కనిపిస్తుంది, తూకం మారదు.

నెల రోజుల తరవాత బిళ్ళల పరీక్షలో 60 కి 56 వచ్చింది. అలమరలో దాని మీద ఏం పెడుతున్నారో చూడండి. మా ఇంట్లో పాత కాటా మీద కుక్కర్ పెట్టేవాళ్ళం, రోజంతా. లోపలి పట్టీ అలాగే వంగిపోయింది. ఇప్పుడు కొత్తదాన్ని నిలువుగా, ప్లేట్ల స్టాండులో పళ్ళేల మధ్య దూర్చి పెడుతున్నాను.